రోజుకి తొమ్మిది రిమైండర్లు ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను స్టాఫ్ నర్సుని. ఇల్లు గాజువాక, హాస్పిటల్ హనుమంతవాక వైపు. ఇంకో నాలుగు నెలల్లో జర్మన్ బీ వన్ పరీక్ష ఉంది. అంకీ అనే ఫ్లాష్‌కార్డ్ యాప్‌లో ఇప్పటికి 1500 పదాలు ఎక్కించాను, ఇంకా 900 ఉన్నాయి. రోజుకి 30 కొత్త పదాలు పెట్టుకున్నాను. మర్చిపోకూడదని పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా రెండు గంటలకోసారి ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. మొదట్లో చూసేదాన్ని, ఇప్పుడు మోగగానే పక్కకి తోసేస్తున్నాను. 640 కార్డులు పెండింగ్ చూపిస్తోంది, తెరవాలంటేనే టెన్షన్. రిమైండర్లు ఇంకా పెంచాలా? అసలు ఒక్కో పదాన్ని ఎన్ని రోజులకోసారి చూడాలి?

సమాధానం: సిస్టర్ గారూ, రిమైండర్లు పెంచకండి. రోజుకి ఒక్కటి ఉంచండి. ఆ రోజు కూర్చోలేకపోతే మాత్రమే మోగేలా రెండోది ఒకటి పెట్టుకోండి. మిగిలిన ఏడూ ఈ రోజే తీసేయండి.

కారణం నాకంటే మీకే బాగా తెలుసు. రెండేళ్ల కిందట మా అత్తయ్యగారు ఐసీయూలో ఉన్నప్పుడు ఒక రాత్రంతా నేను బయట అద్దం దగ్గరే కూర్చున్నాను. ఆవిడ వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్ కాస్త జారినా మానిటర్ మోగేది. మొదటి రెండుసార్లు సిస్టర్ వచ్చి సరిచేసి వెళ్లారు. అర్ధరాత్రయ్యేసరికి నాకే ఆ చప్పుడు వినబడడం మానేసింది. అక్కడ కూర్చున్నదే దాని కోసమైనా, అది మోగుతోందని పక్కావిడ చెబితే తలెత్తి చూశాను. మీ నర్సింగ్‌లో దీన్ని అలారం ఫెటీగ్ అంటారు కదా. పని లేకుండా మోగే అలారాలు ఎక్కువైతే పని ఉండి మోగినది కూడా చెవికి ఎక్కదు. మీ ఫోన్‌కీ అదే జరిగింది. తొమ్మిది మోతల్లో ఏడెనిమిది మీరు వార్డులోనో, వంటింట్లోనో, నిద్రలోనో ఉన్నప్పుడు వచ్చాయి. అప్పుడు తోసేయడం తప్ప మీరు చేయగలిగింది లేదు. అలా రోజుకి ఎనిమిదిసార్లు తోసేసిన వేలు, మీరు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చిన తొమ్మిదోదాన్ని కూడా తోసేస్తోంది.

ఇక్కడ రెండు వేర్వేరు పనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఏ పదం ఏ రోజు చూడాలో లెక్క వేయడం అంకీ పని. మిమ్మల్ని రోజుకి ఒకసారి కూర్చోబెట్టడం రిమైండర్ పని. రెండు గంటలకోసారి గుర్తుచేస్తే పదాలు గట్టిపడతాయనుకుంటే రిమైండర్‌కి అంకీ పని అప్పగించినట్టే. ఆ లెక్క ఎలా నడుస్తుందో ఒక్క పదాన్ని పట్టుకుని చూద్దాం.

మీకు రోజూ పనికొచ్చే మాటే తీసుకుందాం, ‘డీ వుండె’, అంటే గాయం. సోమవారం మధ్యాహ్నం ఇది మీకు మొదటిసారి కనబడింది. అంకీలో ముందే ఉండే సెట్టింగ్స్ ప్రకారం, గుర్తు రాకపోతే ఒక నిమిషానికి, గుర్తొస్తే పది నిమిషాలకి ఇంకోసారి అడుగుతుంది. ఈ రెండూ మీరు కూర్చున్న ఆ ఒక్క సిట్టింగ్‌లోనే అయిపోతాయి, వీటికి రిమైండర్‌తో పని లేదు. తర్వాత మంగళవారం అడుగుతుంది. ప్రతిసారీ మీకు గుర్తొచ్చి `Good` నొక్కితే, ఎడం దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతూ పోతుంది. ఒక రోజు, మూడు రోజులు, ఏడు, పద్దెనిమిది, నలభై అయిదు. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు. అంటే మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కేస్తే 1వ రోజు, 4, 11, 29, 74వ రోజుల్లో ఆ పదం మీ ముందుకొస్తుంది. ఆ తర్వాతిది పరీక్ష దాటాకే. నాలుగు నెలల్లో ఒక పదాన్ని మీరు కలుసుకోవాల్సింది, మొదటి రోజు కాకుండా, అయిదుసార్లు. రోజుకి తొమ్మిదిసార్లు కాదు.

ఎడం ఎందుకు పెరగాలో 1885లోనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీద తాను పరీక్ష చేసుకుని చూపించాడు. అర్థం లేని అక్షరాల వరుసలు కంఠస్థం చేసి, కొంతసేపయ్యాక మళ్లీ నేర్చుకుంటే ఎంత శ్రమ ఆదా అవుతోందో కొలిచాడు. 20 నిమిషాల తర్వాత 58 శాతం ఆదా, ఒక రోజయ్యాక 34 శాతం, 31 రోజులయ్యాక 21 శాతం. మరుపు మొదటి రోజే గబగబా జరిగి, తర్వాత నెమ్మదిస్తుందన్నమాట. అందుకే మొదట్లో దగ్గరదగ్గరగా చూసి, తర్వాత దూరం జరగాలి. మర్చిపోవడానికి కాస్త ముందు, వెతుక్కుని గుర్తు తెచ్చుకున్నప్పుడే పదం గట్టిపడుతుంది. పొద్దున ఎనిమిదికి చూసిన పదాన్ని పదింటికి మళ్లీ చూస్తే వెతుక్కునే పనే ఉండదు. తెలిసినట్టే అనిపిస్తుంది, ఆ అనిపించడమే మోసం చేస్తుంది.

పద్దెనిమిది రోజుల ఎడం ఉన్న పదాన్ని మీరు మధ్యాహ్నం రెండింటికి చూసినా, రాత్రి ఎనిమిదికి చూసినా ఆ ఆరు గంటల తేడా ఎడంలో డెబ్బై రెండో వంతు. దానికి విలువే లేదు. ఒక రోజు ఎడం ఉన్న కొత్త పదానికి కూడా మధ్యలో ఒక నిద్ర పడితే చాలు, ఇరవై నాలుగు గంటలు ముప్ఫై అయినా ఏమీ కాదు. కాబట్టి మీరు ఎన్నింటికి కూర్చుంటారన్నది ముఖ్యం కాదు, రోజులో ఒకసారి కూర్చుంటున్నారా లేదా అన్నదే చూసుకోవాలి. ఒక్కో పదానికీ ఒక్కో నోటిఫికేషన్ పంపే యాప్‌లు ఉన్నాయి, వాటి జోలికి పోకండి. ముఖ్యంగా నోటిఫికేషన్‌లోనే పదమూ అర్థమూ రెండూ చూపించేవి. 2008లో కార్పికె, రోడిగర్ అనే ఇద్దరు పరిశోధకులు 40 స్వాహిలీ పదాలతో పరీక్ష చేశారు. వారం తర్వాత, పదాలన్నిటినీ గుర్తు తెచ్చుకునే సాధన చేస్తూ వచ్చినవాళ్లకి దాదాపు 80 శాతం గుర్తున్నాయి. ఒకసారి వచ్చేసిన పదాలని మళ్లీ అడగకుండా కేవలం చూస్తూ వచ్చినవాళ్లకి అందులో సగం కూడా లేవు. అర్థం కనబడిపోయే రిమైండర్ మీ దగ్గర్నుంచి ఆ సాధన లాగేసుకుంటుంది.

ఇక మీ ఒక్క రిమైండర్ ఎప్పుడు మోగాలో చూద్దాం. మీ డ్యూటీలు మామూలుగా హాస్పిటల్స్‌లో ఉన్నట్టే 8 నుంచి 2, 2 నుంచి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8 అనుకుంటున్నాను. గడియారం చూసి కాకుండా బస్సు చూసి పెట్టుకోండి. మార్నింగ్ డ్యూటీ వారంలో ఇంటికి వచ్చే బస్సులో, అంటే రెండున్నర ప్రాంతంలో. ఆఫ్టర్‌నూన్ డ్యూటీ వారంలో వెళ్లే బస్సులో, ఒంటిగంటకి. నైట్ వారంలో వెళ్లేటప్పుడే, ఏడింటికి ముందు. మూడూ మధ్యాహ్నానికి, సాయంత్రానికి మధ్యనే పడ్డాయి చూడండి. డ్యూటీ మారిన రోజున కూడా రెండు సిట్టింగ్‌ల మధ్య ఎడం మరీ చెదిరిపోదు. హనుమంతవాకలో ఎక్కితే మద్దిలపాలెం దాకా నిలబడాల్సి రావచ్చు. పరవాలేదు, కార్డులు ఒంటి చేత్తో నడుస్తాయి. సీటు దొరికినా దొరక్కపోయినా ఎన్‌ఏడీ వచ్చేసరికి ముప్పాతిక వంతు అయిపోతాయి. వీక్లీ ఆఫ్ రోజు సాయంత్రం టీ తాగాక కూర్చోండి.

నైట్ డ్యూటీ అయ్యాక పొద్దున తిరిగొచ్చే బస్సులో మాత్రం వద్దు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన కళ్లకి తెలిసిన పదం కూడా తట్టదు. మీరు `Again` నొక్కుతారు, పద్దెనిమిది రోజుల దాకా ఎదిగిన పదం మళ్లీ ఒక రోజుకి పడిపోతుంది. అది మరుపు కాదు, నిద్ర. కానీ అంకీకి ఆ తేడా తెలియదు. రాత్రి వార్డులో ఖాళీ దొరికినా తెల్లవారుజామున మూడు, అయిదు మధ్య తెరవకండి. అంకీలో `Next day starts at` అనే సెట్టింగ్ మామూలుగా నాలుగు గంటలకి ఉంటుంది. మూడున్నరకి చూస్తే నిన్నటి లెక్క, నాలుగున్నరకి చూస్తే ఈ రోజు లెక్క. గంట తేడాలో రెండు రోజుల పని ముందుకొచ్చి, కార్డులు అయిపోయాయనుకున్న మీకు ఇంకో వంద కనబడతాయి.

రెండో రిమైండర్ మార్నింగ్ వారంలో రాత్రి తొమ్మిదిన్నరకి, ఆఫ్టర్‌నూన్ వారంలో తిరుగు బస్సు టైముకి పెట్టండి. నైట్ వారంలో అక్కర్లేదు. కార్డులు అయిపోగానే ఆ రోజుకి దాన్ని మీ చేత్తోనే ఆపేయండి. అది మోగిందంటే నిజంగానే పని మిగిలి ఉందని అర్థం కావాలి, ఒక్కసారి కూడా ఉత్తినే మోగకూడదు. డ్యూటీ చార్ట్ వేసిన రోజునే ఆ వారం అలారాలు మార్చేసుకోండి. నా దగ్గర నేర్చుకునే నర్సుల్లో ఎక్కువమంది పట్టు తప్పేది ఇక్కడే. డ్యూటీ మారుతుంది, అలారం మాత్రం పోయిన వారం టైముకే ఉండిపోతుంది.

ఇప్పుడు ఆ 640. ఇది రిమైండర్ సమస్య కాదు, రోజుకి 30 అన్న అంకె సమస్య. రోజూ 30 కొత్తవి పెడితే కొన్నాళ్లకి 1, 4, 11, 29, 74వ రోజుల బ్యాచ్‌లు అయిదూ ఒకే రోజు వచ్చి కూర్చుంటాయి. అవే 150 కార్డులు. కొత్త 30 పదాలు మొదటి రోజు రెండేసి సార్లు, అది 60. మర్చిపోయి తిరిగొచ్చేవి కలిపితే 240 దాటుతుంది. కార్డుకి పది సెకన్లు వేసుకున్నా రోజూ నలభై నిమిషాలు, ఒక్క రోజూ మానకుండా. రెండు రోజులు మానితే అయిదు వందలు. మీ డ్యూటీలతో ఇది ఎవరివల్లా కాదు.

కాబట్టి ఈ రోజు `New cards/day` సున్నా చేయండి. `Maximum reviews/day` 80 పెట్టండి. మీ పాత పదాల్లోంచి రోజూ 30, 40 గడువుకి వస్తాయనుకుంటే, మిగిలిన 40 దాకా పెండింగ్‌లోంచి తగ్గుతాయి. లెక్క ప్రకారం పదహారు రోజులు. మర్చిపోయినవి మళ్లీ వస్తాయి కనుక మూడు వారాలు అనుకోండి. రోజుకి ఇరవై నిమిషాలు దాటదు. అంకీ కొత్త వెర్షన్లలో `Review sort order` దగ్గర `Descending retrievability` ఎంచుకునే వీలుంది, అది పెట్టండి. ఇంకా గుర్తుండే అవకాశం ఎక్కువ ఉన్న పదాలు ముందు వస్తాయి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, బాగా పాతబడ్డవి ముందు పట్టుకుంటారు. ఆల్‌రెడీ మర్చిపోయిన పదం ఇంకో పది రోజులు ఆగినా పోయేదేమీ లేదు, ఎలాగూ మళ్లీ నేర్చుకోవాలి. ఇప్పుడో ఇంకాసేపటికో జారిపోయేలా ఉన్నదాన్ని ఈ రోజు పట్టుకుంటే ఆ శ్రమ తప్పుతుంది.

పెండింగ్ తీరిన రోజున ఆ 80 హద్దు తీసేసి 9999 పెట్టడం మర్చిపోవద్దు. నేను ఈ తప్పు చేశాను. హద్దు అలాగే ఉంచేసి కొత్త పదాలు మొదలుపెట్టాను. రోజూ ‘అయిపోయింది’ అని అభినందనలు చూపిస్తుంటే బాగానే నడుస్తోందనుకున్నాను. హద్దు దాటినవి అది ఆ రోజుకి చూపించదు, అంతే. రెండు నెలల తర్వాత చూసుకుంటే మూడు వందల చిల్లర వెనకాల పేరుకుని ఉన్నాయి.

అప్పుడు కొత్త పదాలు రోజుకి 12 చేయండి. 900 పదాలకి 75 రోజులు. మొదటి మూడు వారాలు పెండింగ్‌కి పోయినా, పరీక్షకి ముందు మూడు వారాలకి పైగా మిగులుతాయి. ఆ మూడు వారాలూ కొత్తవి మళ్లీ సున్నా. ఎందుకంటే పదం 1, 4, 11వ రోజుల మూడు మెట్లూ దాటాలంటే కనీసం పదకొండు రోజులు కావాలి. పరీక్షకి వారం ముందు ఎక్కించిన పదం రెండు మెట్లే ఎక్కి ఆగిపోతుంది. రోజుకి పన్నెండైతే పాత 1500తో కలిపి రోజుకి 130 దాకా వస్తాయి, ఇరవై రెండు మూడు నిమిషాలు.

ఎడాలు మీకు సరిపోతున్నాయో లేదో మీ గణాంకాలే చెబుతాయి. రెండు వారాలు గడిచాక అంకీ `Stats` పేజీలో `True retention` అన్న పట్టిక చూడండి, అడిగిన పదాల్లో ఎంత శాతం గుర్తొచ్చాయో అందులో ఉంటుంది. 85 నుంచి 90 శాతం మధ్య ఉంటే దేన్నీ ముట్టుకోకండి. 95 దాటుతుంటే అవసరానికి మించి తరచుగా చూస్తున్నారు, ఆ టైములో కొత్త పదాలు నేర్చుకోవచ్చు. 80 కంటే కిందకి పోతే ముందు మీ వేలిని అనుమానించండి. పదం గుర్తు రాకపోయినా ‘కొంచెం తెలుసులే’ అని `Hard` నొక్కేవాళ్లు చాలామంది. `Hard` అంటే కష్టపడినా గుర్తొచ్చిందని అంకీ అర్థం చేసుకుని, పదాన్ని ఇంకొన్ని రోజులు దూరం పంపుతుంది. గుర్తు రాలేదంటే `Again` ఒక్కటే. అంకీలో ఎడాలు లెక్కవేసే కొత్త పద్ధతి FSRS ఆన్ చేసుకుని ఉంటే `Desired retention` 0.90 దగ్గరే ఉంచండి. పరీక్ష భయంతో 0.95 చేస్తే ఎడాలు దాదాపు సగానికి పడిపోతాయి, రోజువారీ పని రెట్టింపుకి దగ్గరవుతుంది, మళ్లీ పెండింగ్ మొదలవుతుంది.

కొన్ని పదాలు మాత్రం ఎంత తరచుగా చూసినా నిలవవు. ‘డీ వుండె’ అంటే గాయం, ‘దాస్ వుండర్’ అంటే అద్భుతం. ఇది వచ్చినప్పుడు అది, అది వచ్చినప్పుడు ఇది చెబుతారు. ఎనిమిదిసార్లు తప్పితే అంకీ ఆ కార్డుకి `leech` అని గుర్తు వేస్తుంది, జలగ అని. దానికి రిమైండర్ మందు కాదు, కార్డు మార్చాలి. ఉత్త పదం తీసేసి, మీరు రోజూ చేసే పనితోనే ఒక చిన్న జర్మన్ వాక్యం పెట్టండి, ‘గాయం కడుగుతున్నాను’ లాంటిది. రెండో పదాన్ని నెల రోజులు పక్కన పెట్టేయండి, అంకీలో దానికి `Suspend` ఉంది. మొదటిది కుదురుకున్నాక రెండోదాన్ని తీసుకురండి. మీ 640లో ఇలాంటివి ముప్ఫై నలభై ఉంటాయి, అవి తప్పిస్తేనే బరువు చాలా తగ్గుతుంది.

మూడు వారాల తర్వాత మీ `True retention` అంకె, పెండింగ్ ఎంత మిగిలిందీ నాకు రాయండి. అప్పటికి 200 పైనే ఉంటే కొత్త పదాలు 12 కాదు, 8తో మొదలుపెడదాం, 900లో ఏవి వదిలేయచ్చో కూడా అప్పుడే కూర్చుని ఏరుకుందాం.